లేత గులాబీ దగ్గరే ఎందుకు ఆపాలి? టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్

ప్రశ్న: ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా ల్యాబ్ మాన్యువల్‌లో "లేత గులాబీ రంగు వచ్చి 30 సెకన్లు నిలిస్తే అదే ఎండ్ పాయింట్" అని ఉంది. థియరీ క్లాసులో మాత్రం యాసిడ్, బేస్ సరిగ్గా సమానమైన చోటు అన్నారు. సమానమైతే పీహెచ్ 7 కదా, ఫినాఫ్తలీన్‌కి రంగు 8 దాటాకే వస్తుందట. అలాంటప్పుడు మనం తీసే రీడింగే తప్పు కాదా? ఇంకోటి, నాకు ముదురు గులాబీ వచ్చింది, నా ఫ్రెండ్‌కి లేత రంగు వచ్చి రెండు మూడు నిమిషాల్లో పోయింది. ఎవరిది కరెక్ట్?

జవాబు:

మీ ఫ్రెండ్‌ది కరెక్ట్. రంగు తర్వాత పోయినా సరే. మీ అనుమానం మాత్రం మంచిది, ఎందుకంటే మాన్యువల్ చెప్పేదీ థియరీ క్లాసులో చెప్పేదీ నిజంగానే రెండు వేర్వేరు విషయాలు. అయితే మీరు చేసిన ప్రయోగంలో ఆ రెండింటి మధ్య దూరం ఒక చుక్కలో పదో వంతు కూడా ఉండదు. ఎందుకుండదో లెక్క వేసి చూపిస్తాను, ఆ లెక్కలోనే ముదురు రంగు ఎందుకు పనికిరాదో కూడా తేలిపోతుంది.

ముందు ఆ రెండు విషయాలను విడదీద్దాం. ఫ్లాస్కులో ఉన్న ఆమ్లం మోల్స్ ఎన్నో, బ్యూరెట్ నుంచి వచ్చి పడిన క్షారం మోల్స్ కూడా సరిగ్గా అన్నే అయిన క్షణం ఈక్వివలెన్స్ పాయింట్. తెలుగు మీడియం పుస్తకాల్లో తుల్య బిందువు అంటారు. ఇది రసాయన చర్యకు సంబంధించినది. కంటికి కనబడదు. మీరు చూస్తున్నా చూడకపోయినా, ఫ్లాస్కులో ఇండికేటర్ వేసినా వేయకపోయినా అది అక్కడే ఉంటుంది. ఎండ్ పాయింట్ అలా కాదు. ఇండికేటర్ రంగు మారింది అని మీ కన్ను ఒప్పుకుని, మీ చెయ్యి స్టాప్‌కాక్ కట్టేసిన చోటు అది. ఇండికేటర్ మారిస్తే ఎండ్ పాయింట్ మారుతుంది, చూసే కన్ను మారినా కొంచెం మారుతుంది. మనకు కావలసింది మొదటిది, దొరికేది రెండోది. ఈ రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ఏ టైట్రేషన్‌కైనా అసలు ప్రశ్న. మాన్యువల్ రాసినవాళ్లు మీ బదులు ఆ లెక్క ముందే వేసుకుని తగిన ఇండికేటర్ ఎంచి పెట్టారు కాబట్టి, రెండూ ఒకటే అన్నట్టు ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఇప్పుడు ఫ్లాస్కులోకి వద్దాం. 20 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గాఢత 0.1 మోలార్ అనుకోండి. బ్యూరెట్‌లో అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్. అంటే ఈక్వివలెన్స్ పాయింట్ కచ్చితంగా 20.00 మి.లీ. దగ్గర రావాలి. మొదలుపెట్టేటప్పుడు ఫ్లాస్కులో పీహెచ్ 1. 10 మి.లీ. పోశాక సగం ఆమ్లం ఖర్చయిపోతుంది, కానీ పీహెచ్ 1.5కి మాత్రమే చేరుతుంది. 18 మి.లీ. పోసినా, అంటే పనిలో తొంభై శాతం అయిపోయినా, 2.3 దగ్గరే ఉంటుంది. పీహెచ్ లాగరిథమ్ స్కేల్ కదా, ఆమ్లం పదో వంతుకు పడిపోతే గానీ ఒక అంకె పెరగదు. 19.90 దగ్గర 3.6.

ఇక్కడి నుంచి కథ వేగం పుంజుకుంటుంది. మామూలు బ్యూరెట్ నుంచి పడే ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఈక్వివలెన్స్ పాయింట్‌కి ఒక్క చుక్క ముందు, 19.95 దగ్గర, ఫ్లాస్కులో మిగిలిన ఆమ్లం 0.005 మిల్లీమోల్. అది సుమారు 40 మి.లీ. ద్రావణంలో పరుచుకుని ఉంది, పీహెచ్ 3.9. ఒక చుక్క వేస్తే 20.00, పీహెచ్ 7. ఇంకో చుక్క వేస్తే 20.05, ఈసారి 0.005 మిల్లీమోల్ క్షారం ఎక్కువైంది, పీహెచ్ 10.1. పద్దెనిమిది మిల్లీలీటర్లు పోసినా ఒకటిన్నర అంకె కూడా కదలని పీహెచ్, రెండే రెండు చుక్కల్లో ఆరు అంకెలకు పైగా ఎగిరింది.

మీ ప్రశ్నకు సమాధానం ఈ దూకుడులోనే ఉంది. ఫినాఫ్తలీన్ పీహెచ్ 8.2 దాకా రంగు లేకుండా ఉండి, అక్కడి నుంచి మెల్లగా గులాబీకి తిరిగి, 10 వచ్చేసరికి దాదాపు పూర్తి రంగుకు వస్తుంది. మీరు లేత గులాబీ చూసి పీహెచ్ 9 దగ్గర ఆపారనుకుందాం. 7 నుంచి 9కి రావడానికి ఎంత క్షారం ఎక్కువ పోశారు? పీహెచ్ 9 అంటే హైడ్రాక్సైడ్ గాఢత లీటరుకు 0.00001 మోల్. దాన్ని 40 మి.లీ.తో గుణిస్తే 0.0004 మిల్లీమోల్. బ్యూరెట్‌లోని 0.1 మోలార్ ద్రావణంలో అంత క్షారం 0.004 మి.లీ.లో ఉంటుంది. ఒక చుక్కలో పదో వంతు కన్నా తక్కువ. బ్యూరెట్ మీద గీతలు 0.1 మి.లీ.కి ఒకటి, కన్ను బాగా నిలిపి చూస్తే గీతల మధ్య 0.05 దాకా అంచనా కట్టగలరు. అంటే 7కీ 9కీ మధ్య దూరం మీ బ్యూరెట్ అసలు చూపించలేనంత చిన్నది. పీహెచ్ అంకెల్లో చూస్తే రెండు అంకెల తేడా, మి.లీ.లో చూస్తే ఏమీ కాదు. మనం రాసేది మి.లీ.లు, పీహెచ్ కాదు.

మరి ముదురు రంగు సంగతి. పై లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లండి. ఒక చుక్క ఎక్కువైతే పీహెచ్ 10.1, దాదాపు పూర్తి గులాబీ. పది చుక్కలు ఎక్కువైతే, అంటే 20.50 దగ్గర, పీహెచ్ 11.1. అప్పుడూ పూర్తి గులాబీనే. ఫినాఫ్తలీన్ తిరగాల్సినంత తిరిగిపోయాక ఇంకా క్షారం పోసినా రంగులో చెప్పుకోదగ్గ తేడా రాదు. అందుకే ముదురు గులాబీ చూసినప్పుడు "దాటాను" అని తెలుస్తుంది గానీ "ఎంత దాటాను" అనేది తెలియదు. అది ఒక చుక్క కావచ్చు, పది చుక్కలు కావచ్చు. లేత గులాబీకి మాత్రమే ఒక కచ్చితమైన అర్థం ఉంది: మీరు ఈక్వివలెన్స్ పాయింట్ దాటిన తర్వాతి చుక్కలో ఎక్కడో ఉన్నారు. మాన్యువల్‌లో ఆ "లేత" అనే మాట అందం కోసం రాసింది కాదు, కొలతలో భాగం.

ఇది ఫలితంలో ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణలో చూడండి. గాఢత తెలియని హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మి.లీ. పిపెట్‌తో తీశారు. సోడియం హైడ్రాక్సైడ్ గాఢత 0.1000 మోలార్. మొదటిసారి చేయి జారి ముదురు రంగు వచ్చింది, బ్యూరెట్ 19.2 మి.లీ. చూపించింది. రెండోసారి జాగ్రత్తగా చేస్తే లేత గులాబీ 18.7 దగ్గర వచ్చింది, మూడోసారీ 18.7. లెక్క ఇలా:

HCl గాఢత = (0.1000 × 18.7) ÷ 20.0 = 0.0935 M

మొదటి రీడింగ్‌తో లెక్క కడితే 0.0960 వచ్చేది. దాదాపు 2.7 శాతం ఎక్కువ. పీహెచ్ 7కి బదులు 9 దగ్గర ఆపినందుకు వచ్చే తప్పు 0.004 మి.లీ., చేయి జారినందుకు వచ్చిన తప్పు 0.5 మి.లీ. ఒకటి ఇంకోదానికి నూరు రెట్లకు పైమాటే. ఫస్ట్ ఇయర్ పిల్లలు మొదటిదాని గురించి వాదిస్తారు, రెండోదాన్ని రికార్డులో రాసి మూడు రీడింగుల సగటులో కలిపేస్తారు. కలపకండి. మొదటిసారి వచ్చిన 19.2 ఎక్కడ ఆగాలో అంచనా ఇచ్చే రఫ్ రీడింగ్, దాని పని అంతవరకే. ఒకదానికొకటి 0.1 మి.లీ. లోపు కలిసే రీడింగులు దొరికేదాకా చేసి, వాటినే లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు 30 సెకన్ల సంగతి, మీ ఫ్రెండ్‌కి రంగు ఎందుకు పోయిందన్న సంగతి. ఇందులో రెండు వేర్వేరు కారణాలున్నాయి, రెండింటికీ రంగు పోవడమే లక్షణం కాబట్టి కలగాపులగం అవుతాయి.

మొదటి కారణం కలవకపోవడం. చుక్క పడిన చోట క్షణం పాటు క్షారం ఎక్కువగా ఉంటుంది, అక్కడ గులాబీ మెరుస్తుంది, ఫ్లాస్కు తిప్పగానే చుట్టూ ఉన్న ఆమ్లంతో కలిసి పోతుంది. ఇది ఎండ్ పాయింట్ కాదు, కానీ చాలా పనికొచ్చే సూచన. మొదట్లో ఆ మెరుపు పుట్టిన వెంటనే మాయమవుతుంది. ఎండ్ పాయింట్ దగ్గరపడే కొద్దీ అది ఫ్లాస్కంతా పాకి, తిప్పాక రెండు మూడు సెకన్లకు గానీ పోదు. ఆ ఆలస్యం కనిపించగానే ధార ఆపేసి చుక్కలకు దిగండి. ఇలా కలవకపోవడం వల్ల వచ్చిన రంగు బాగా తిప్పితే కొద్ది సెకన్లలో పోతుంది. 30 సెకన్లు నిలిచింది అంటే అది ఫ్లాస్కు మొత్తానికి చెందిన రంగు అన్నమాట. మాన్యువల్ ఆ గడువు పెట్టింది ప్రధానంగా ఇందుకే.

రెండో కారణం గాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి బలహీనమైన ఆమ్లంగా పనిచేస్తుంది. స్వేదనజలాన్ని గాలికి వదిలేస్తే దాని పీహెచ్ 7 దగ్గర ఉండదు, 5.6 దగ్గరికి దిగిపోతుంది. మీ ఫ్రెండ్ ఫ్లాస్కులో ఎక్కువగా ఉన్న క్షారం ఎంతో పైన లెక్కేశాం: సుమారు 0.0004 మిల్లీమోల్. అంత కొంచెం క్షారాన్ని తినేయడానికి గాలికి ఎక్కువసేపు అక్కర్లేదు. పైగా మనం ఫ్లాస్కు తిప్పుతూనే ఉంటాం, గాలి ఇంకా బాగా కలుస్తుంది. పీహెచ్ 8.2 కిందికి జారగానే రంగు పోతుంది. అంటే మీ ఫ్రెండ్ ఫ్లాస్కులో రంగు పోవడం తప్పు చేసినందుకు కాదు, దాటింది అతి కొద్దిగానే అన్నదానికి గుర్తు. మీ ముదురు గులాబీ మాత్రం అంత త్వరగా పోదు, అందులో గాలి తినాల్సిన క్షారం చాలా ఉంది.

కాబట్టి 30 సెకన్లు నిలిచాక రీడింగ్ రాసేయండి. అయిదు నిమిషాల తర్వాత ఫ్లాస్కు తెల్లబడిందని ఇంకో చుక్క వేయకండి. వేస్తే మీరు కొలుస్తున్నది ఫ్లాస్కులోని ఆమ్లాన్ని కాదు, గదిలోని గాలిని. అలాగే ఫినాఫ్తలీన్ వాడేటప్పుడు టైట్రేషన్‌ను మధ్యలో వదిలేసి వేరే పనికి పోవద్దు, గాలి తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

చేతి పని గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే లేత గులాబీ పట్టడం సగం అక్కడే ఉంది. రఫ్ రీడింగ్ 19.2 వచ్చిందంటే రెండోసారి 17.5 దాకా ధైర్యంగా పోసేయవచ్చు, తిప్పుతూ ఉంటే చాలు. అక్కడి నుంచి చుక్క, తిప్పు, చుక్క, తిప్పు. ఫ్లాస్కు కింద తెల్ల టైల్ లేకపోతే తెల్లకాగితం పెట్టండి, లేత గులాబీ బల్ల రంగులో కలిసిపోతే కన్ను పట్టదు. ఆఖర్లో ఒక చుక్క కూడా ఎక్కువే అనిపిస్తుంది. అప్పుడు స్టాప్‌కాక్‌ను చాలా మెల్లగా తిప్పి, చుక్క పూర్తిగా రాలక ముందే కొనకు వేలాడుతుండగా ఆపి, ఫ్లాస్కు లోపలి గోడను ఆ కొనకు తాకించండి. సగం చుక్క గోడకు అంటుకుంటుంది. దాన్ని వాష్ బాటిల్‌లోని స్వేదనజలంతో కిందికి కడిగేయండి.

ఆ నీళ్లు పోస్తే ద్రావణం పల్చబడి లెక్క తప్పుతుందేమో అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. తప్పదు. పిపెట్‌తో తీసినప్పుడే ఫ్లాస్కులో ఎన్ని మోల్స్ ఆమ్లం ఉందో స్థిరమైపోయింది, నీళ్లు పోస్తే మోల్స్ పెరగవు, తరగవు. అందుకే ఫ్లాస్కును నీళ్లతోనే కడగాలి, లోపల తడి ఉన్నా ఫరవాలేదు. బ్యూరెట్, పిపెట్‌లను మాత్రం చివరగా వాటిలో పోయబోయే ద్రావణంతోనే కడగాలి. అక్కడ మిగిలిన నీటి చుక్క గాఢతనే మార్చేస్తుంది.

ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు అంటే రెండే వేయండి, ప్రతిసారీ అన్నే వేయండి. రంగు స్పష్టంగా కనబడుతుందని అయిదారు వేసేవాళ్లున్నారు. ఈ ఇండికేటర్‌కి ఒకే రంగు, ఇటు ఏ రంగూ లేదు, అటు గులాబీ. అందువల్ల ఇండికేటర్ ఎక్కువ ఉంటే కన్ను పట్టేంత గులాబీ కొంచెం ముందు పీహెచ్‌లోనే వచ్చేస్తుంది. 0.1 మోలార్ ద్రావణాల్లో ఆ తేడా రీడింగ్‌లో కనబడదు. కానీ ఒక రీడింగ్‌కి రెండు చుక్కలు, ఇంకోదానికి ఆరు వేస్తే రెండు ఫ్లాస్కుల్లో మీరు "లేత" అనుకునే రంగు ఒకటి కాదు, రెండింటినీ పోల్చడం కష్టం.

ఇంతవరకూ చెప్పింది విని, ఏ ఇండికేటర్ అయినా ఫరవాలేదు అనుకునే ప్రమాదం ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం విషయంలో అది దాదాపు నిజం. మిథైల్ ఆరెంజ్ 3.1 దగ్గర ఎరుపు నుంచి కదలడం మొదలుపెట్టి 4.4కి పసుపు అవుతుంది. మన 20 మి.లీ. ఉదాహరణలో 4.4 అనేది 19.98 దగ్గర వస్తుంది. పూర్తిగా పసుపు తిరిగేదాకా ఆగితే ఈ ఇండికేటర్‌తో కూడా రీడింగ్ 20.0 అనే రాస్తారు. కాకపోతే ఎరుపు మొదట కదిలేది 19.7 దగ్గరే, అక్కడే తొందరపడి ఆపితే 0.3 మి.లీ. తక్కువ వస్తుంది.

అదే ఫ్లాస్కులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసేసి 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పోయండి. మోల్స్ అన్నే కాబట్టి ఈక్వివలెన్స్ పాయింట్ మళ్లీ 20.00 మి.లీ. దగ్గరే. ఈసారి మాత్రం అక్కడ పీహెచ్ 7 కాదు, 8.7. ఎందుకంటే ఆమ్లం అంతా అయిపోయాక ఫ్లాస్కులో మిగిలేది సోడియం ఎసిటేట్. ఎసిటేట్ అయాన్ నీటి నుంచి కొంచెం హైడ్రోజన్ అయాన్ లాక్కుని, కొంచెం హైడ్రాక్సైడ్‌ను వదిలేస్తుంది. "సమానమైతే పీహెచ్ 7" అని మీరు ప్రశ్నలో రాసిన మాట బలమైన ఆమ్లం, బలమైన క్షారం జతకే వర్తిస్తుంది. సమానం అనేది మోల్స్ గురించి చెప్పే మాట, తటస్థత గురించి కాదు.

ఈ ఫ్లాస్కులో మిథైల్ ఆరెంజ్ వేస్తే ఏమవుతుందో చూడండి. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైంది, మొదలే పీహెచ్ 2.9 దగ్గర ఉంటుంది. క్షారం పోస్తుంటే ఆమ్లం, ఎసిటేట్ కలిసి బఫర్‌గా మారతాయి, పీహెచ్ మెల్లగా పాకుతుంది. 4.4 చేరేది 6 మి.లీ. దగ్గర. అంటే దాదాపు మొదటి చుక్కల నుంచే ఎరుపు కదలడం మొదలై, నారింజగా, నారింజ నుంచి పసుపుగా అయిదారు మిల్లీలీటర్ల పొడవునా సాగి సాగి మారుతుంది. ఎక్కడ ఆపాలో తెలియదు. పూర్తి పసుపు దగ్గర ఆపితే రీడింగ్ 6, రావాల్సింది 20. ఎండ్ పాయింట్ వచ్చింది, మాన్యువల్ చెప్పినట్టే రంగు మారింది, జవాబు మాత్రం మూడో వంతు కూడా లేదు. ఫినాఫ్తలీన్ వేస్తే 8.7 దాని పరిధిలోనే ఉంది కాబట్టి 20.0 దగ్గర చక్కగా గులాబీ వస్తుంది.

ఇందులో గుర్తుపట్టే చిట్కా ఒకటుంది. సరైన ఇండికేటర్ అయితే రంగు ఒకటి రెండు చుక్కల్లో మారాలి. అర మిల్లీలీటరు, ఒక మిల్లీలీటరు పొడవునా సాగుతూ మారుతోంది అంటే ఇండికేటర్ ఆ టైట్రేషన్‌కి సరిపడలేదు, లేదా ద్రావణాలు మరీ పల్చగా ఉన్నాయి.

పల్చన అన్నాను కాబట్టి ఆ హద్దు కూడా చెప్పేస్తాను, మీ అనుమానం నిజంగా నిజమయ్యే చోటు అదే. పీహెచ్ 9కి చేరడానికి కావలసిన అదనపు క్షారం 0.0004 మిల్లీమోల్ అనుకున్నాం. ఫ్లాస్కులో ఘనపరిమాణం అంతే ఉన్నంతవరకు ఆ అంకె మారదు. బ్యూరెట్‌లో 0.1 మోలార్ ఉంటే అది 0.004 మి.లీ. 0.01 మోలార్ ఉంటే 0.04 మి.లీ., దాదాపు ఒక చుక్క. 0.001 మోలార్ అయితే 0.4 మి.లీ., 20లో రెండు శాతం. ఇక్కడ ఎండ్ పాయింట్, ఈక్వివలెన్స్ పాయింట్ వేరువేరు అని బ్యూరెట్ కూడా ఒప్పుకుంటుంది. దీనికి తోడు కార్బన్ డయాక్సైడ్ కూడా పెద్ద దొంగ అవుతుంది. అలాంటప్పుడు మరిగించి చల్లార్చిన స్వేదనజలం వాడతారు, బ్లాంక్ చేస్తారు. బ్లాంక్ అంటే ఆమ్లం లేకుండా అంతే నీటిలో అంతే ఇండికేటర్ వేసి, అదే లేత గులాబీ రావడానికి ఎంత క్షారం పట్టిందో చూసి, ఆ మొత్తాన్ని అసలు రీడింగ్‌లోంచి తీసేయడం. ఫస్ట్ ఇయర్ ప్రయోగాల్లో సాధారణంగా 0.1 మోలార్ దగ్గర ఉండే ద్రావణాలు ఇచ్చేది ఈ తలనొప్పి లేకుండా ఉండటానికే.

త్వరలో మీకు పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ కూడా వస్తుంది, అక్కడ ఇదే "లేత గులాబీ నిలవాలి" అనే వాక్యం మళ్లీ కనిపిస్తుంది. రంగు అదే అయినా లోపల జరిగేది వేరు. అక్కడ ఇండికేటర్ విడిగా ఉండదు. పర్మాంగనేట్‌కే ఊదా రంగు, చర్య జరిగినంతసేపు అది రంగు లేనిదిగా మారిపోతూ ఉంటుంది, తినేవాడు అయిపోయాక పడిన మొదటి చుక్క రంగు అలాగే మిగులుతుంది. ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటే ఒక ఉచ్చు ఉంది. 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి మొదటి చుక్క వేయగానే గులాబీ వచ్చి, పోకుండా నిలుస్తుంది. కొత్తవాళ్లు ఎండ్ పాయింట్ వచ్చేసిందని 0.1 రాసి కూర్చుంటారు. నిజానికి ఆ చర్య మొదట చాలా నెమ్మది. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే దాన్ని వేగం చేసే ఉత్ప్రేరకం, అవి ఇంకా పుట్టలేదు. కాసేపు తిప్పుతూ ఆగితే ఆ చుక్క రంగు పోతుంది, ఆ తర్వాత చుక్కలు పడిన వెంటనే తెల్లబడతాయి. రంగు నిలవడం అనేది చర్య పూర్తయినందుకా, చర్య ఇంకా ఊపందుకోనందుకా అన్నది చూసుకోవాలి. ఇంకోటి, పర్మాంగనేట్ ముదురు రంగు వల్ల ద్రావణం కింది వంపు కనబడదు, అందుకని బ్యూరెట్‌లో పై అంచు దగ్గర రీడింగ్ తీయండి. మొదలూ చివరా ఒకే అంచు తీస్తే తేడాలో తప్పు రాదు.

మీ రికార్డు విషయానికి వస్తే, ముదురు రంగు వచ్చిన రీడింగ్‌ను చెరిపేయకండి. పక్కన "రఫ్, ఎండ్ పాయింట్ దాటింది" అని రాసి ఉంచండి. మళ్లీ రెండుసార్లు చేయండి. ఫ్లాస్కు తిప్పాక రంగు పోవడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది అనిపించిన చోట బ్యూరెట్ ఎంత చూపిస్తోందో కూడా ఒక మూల రాసుకోండి. ఆ తర్వాతి రీడింగ్‌లో చుక్కలకు ఎక్కడ దిగాలో మీకు ఆ అంకే చెబుతుంది.